ల్యాబుకు ఏ పేరు పెట్టాలి? బెంగళూరు బోర్డు మీద ఐదు పేర్ల పోలిక

మా పిన్ని కూతురు ప్యాథాలజీలో ఎండీ చేసి, ఎనిమిదేళ్లు ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబులో పనిచేసింది. కిందటేడాది బెంగళూరు రామమూర్తినగర్‌లో సొంత ల్యాబు పెట్టాలని నిర్ణయించుకుంది. గది దొరికింది, యంత్రాలకు బేరం కుదిరింది, పేరు మాత్రం తేలలేదు. ఒక ఆదివారం సాయంత్రం నాలుగు పేర్లు రాసిన కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అక్కా, నువ్వు ఇన్నేళ్లు ల్యాబుల్లో నాణ్యత చూసే పనిలోనే ఉన్నావు. వీటిలో ఏది పెట్టమంటావు?" అని అడిగింది.

ఆ కాగితం మీద ఉన్నవి ఇవి: హీమాంకో డయాగ్నస్టిక్స్, నిదాన్ డయాగ్నస్టిక్స్, ఆక్యురేట్ ల్యాబ్స్, నిఖర ల్యాబ్స్. ఒక్కో పేరు వెనుక ఒక మంచి ఉద్దేశం ఉంది. నేను ఆ ఉద్దేశాలను పక్కన పెట్టి ప్రతి పేరునూ ఒకే ప్రశ్న అడిగాను. దీన్ని ఎవరైనా తప్పుగా అర్థం చేసుకుంటే ఏమని అర్థం చేసుకుంటారు? ల్యాబు మెట్లెక్కే మనిషి అప్పటికే కొంత భయంతో ఉంటాడు. పరగడుపున వచ్చి ఉంటాడు, సూదికి చేయి చాపాలి, ఫలితం ఏమొస్తుందో తెలియదు. ఆ స్థితిలో బోర్డు మీది మాటకు ఉన్న మంచి అర్థం కంటే చెడ్డ అర్థమే ముందు తడుతుంది.

హీమాంకో: ఎవరి కోసం ఈ పేరు?

రక్త క్యాన్సర్ల నిర్ధారణ ఆమెకు ఇష్టమైన విద్య. అందుకే రక్తానికి 'హీమ్', క్యాన్సర్ వైద్యానికి 'ఆంకో' కలిపి ఈ పేరు కట్టింది. డాక్టర్లకు వెంటనే అర్థమవుతుంది, నిజమే. అయితే వీధిలోని ల్యాబుకు బోర్డు చూసి వచ్చేది ఎవరు? చక్కెర, థైరాయిడ్, కొలెస్ట్రాల్ పరీక్షలకు, వానాకాలంలో డెంగీ పరీక్షకు వచ్చేవారు. ఎముక మజ్జ పరీక్ష అవసరమైన రోగి బోర్డు చూసి రాడు, డాక్టరు చీటీ రాసి పంపితే వస్తాడు. అంటే ఈ పేరు, చీటీతో ఎలాగూ వచ్చేవారిని పిలుస్తూ, బోర్డు చూసి రావలసినవారిని వెనక్కి పంపుతోంది.

ఫోనుకు వచ్చే సందేశం సంగతి కూడా చూడాలి. రిపోర్టు సిద్ధమైందని పంపే ఎస్ఎంఎస్‌లో పంపినవారి పేరు సాధారణంగా ఆరు ఇంగ్లిషు అక్షరాల్లో ఇమడాలి. హీమాంకోను కుదిస్తే `HEMONC` అవుతుంది. థైరాయిడ్ పరీక్షకు వెళ్లిన తల్లి ఫోనులో ఆ ఆరు అక్షరాలను కొడుకు చూస్తే ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. మన ఇళ్లలో క్యాన్సర్ అన్న మాటను రోగి ముందు పలకరు, గడ్డ అంటారు, ఫలానా జబ్బు అంటారు. పలకడానికే జంకే మాటను కవరు మీద అచ్చు వేసి చేతికివ్వడం నాకు క్రూరంగా తోచింది.

బెంగళూరులో దీనికి మరో ఉదాహరణ ఉంది. కిద్వాయ్ అన్నది నిజానికి ఒక మనిషి పేరు, రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరిట ఆ క్యాన్సర్ సంస్థను పెట్టారు. ఇప్పుడు "కిద్వాయ్‌కి రాశారు" అంటే చాలు, జబ్బు ఏమిటో ఎవరూ అడగరు. ఏ అర్థమూ లేని పేరు కూడా చేసే పనిని బట్టి బరువెక్కుతుంది. అలాంటప్పుడు పుట్టుకతోనే బరువున్న పేరు ఎందుకు? ఆమె నైపుణ్యాన్ని రిపోర్టు కింద సంతకం పక్కన, డాక్టర్లకు రాసే ఉత్తరంలో చెప్పుకుంటే సరిపోతుంది. హీమాంకోను కొట్టేశాం.

నిదాన్: మూడు భాషల్లో ఒకే చిక్కు

ఈ పేరు మీద మా చెల్లెలికి మమకారం ఎక్కువ. ఆయుర్వేదంలో నిదానం అంటే రోగానికి మూలకారణం, దాన్ని గుర్తించడం. హిందీలో నేటికీ వ్యాధి నిర్ధారణకు అదే మాట. అర్థం సరిగ్గా పనికి అతికినట్టుంది, ప్రాచీనమైన మాట, భయపెట్టదు.

అయితే మనలో ఎవరిని అడిగినా నిదానం అంటే ఏమిటి? తొందరపడకపోవడం, నెమ్మది. నిదానమే ప్రధానం అని పెద్దలు చెప్పేది వ్యాధి నిర్ధారణ గురించి కాదు. కన్నడంలో నిధాన అన్నా అదే, ఆలస్యంగా, మెల్లగా అని. తమిళంలోనూ నిదానం అంటే తొణకకపోవడం, ఆచితూచి నడవడం. బెంగళూరులో ఈ ల్యాబుకు వచ్చేవారిలో ఎక్కువమంది మాట్లాడే మూడు భాషల్లోనూ ఆ పేరు చెప్పేది ఒక్కటే: ఇక్కడ పని మెల్లగా జరుగుతుంది. జ్వరంతో వచ్చి సాయంత్రానికి ప్లేట్‌లెట్ల లెక్క కావాలని అడిగేవారికి ఇది వినిపించవలసిన మాట కాదు.

నేను అప్పుడే ఇంట్లో ఉన్న ముగ్గురినీ అడిగి చూశాను. హిందూపురం నుంచి వచ్చిన మా అత్తగారు, కింది అంతస్తులో ఉండే కన్నడ దంపతులు. "నిదాన్ ల్యాబు అంటే ఎలా ఉంటుంది?" అన్నాను. ముగ్గురూ రకరకాలుగా చెప్పినా సారం ఒకటే, రిపోర్టు ఆలస్యమవుతుందేమో అని. వ్యాధి నిర్ధారణ అన్న మాట ఎవరి నోటా రాలేదు. పాట్నాలోనో లక్నోలోనో అయితే ఇదే పేరును నేను మొదట సూచించేదాన్ని. మాట ఒకటే అయినా ఊరు మారితే అర్థం మారుతుంది.

ఆక్యురేట్: నిరూపించలేని మాట

ఈ పేరు దగ్గర మేము చాలాసేపు వాదించుకున్నాం. రోగికి కావలసింది ఖచ్చితత్వమే కదా, దాన్నే పేరుగా పెట్టుకుంటే తప్పేమిటని ఆమె వాదన.

ల్యాబులో ఖచ్చితత్వం ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. ప్రతి రోజూ రోగుల నమూనాలకు ముందు, విలువ ముందే తెలిసిన నియంత్రణ నమూనాను యంత్రంలో పెడతారు. దాని హిమోగ్లోబిన్ 12.0 అనుకుందాం. యంత్రం ఒక రోజు 11.9, మరో రోజు 12.1 చూపిస్తే సంతోషం. వరసగా 12.8, 12.8, 12.9 చూపిస్తే అది నిలకడగానే ఉంది, కానీ నిలకడగా తప్పు చెబుతోంది. ఆ రోజు రిపోర్టులు ఆపి, కారణం వెతికి, యంత్రాన్ని సరిచేసి మళ్లీ మొదలుపెట్టాలి. దీనికి తోడు బయటి పరీక్ష ఒకటి ఉంటుంది. వెల్లూరు సీఎంసీ వంటి సంస్థలు విలువ చెప్పకుండా నమూనాలు పంపుతాయి. ల్యాబు తన ఫలితం పంపితే, అదే పద్ధతి వాడే మిగతా ల్యాబుల ఫలితాలతో పోల్చి ఎంత దూరంలో ఉందో చెబుతాయి. ఖచ్చితత్వం అంటే ఈ రోజువారీ కాపలా. తేడా ఎప్పుడూ సున్నా కాదు, ఒప్పుకోదగిన హద్దులో ఉంటుంది.

ఇప్పుడు ఒక రోగిని ఊహించుకోండి. పరగడుపు చక్కెర ఒక ల్యాబులో 124 వచ్చింది. రెండు రోజుల తర్వాత మరో ల్యాబులో 128 వచ్చింది. మధుమేహానికి గీత 126 దగ్గర ఉంది. రెండు అంకెల మధ్య తేడా సుమారు మూడు శాతమే. మనిషి ఒంట్లో చక్కెర రోజుకో తీరుగా ఉంటుంది, రెండు మంచి యంత్రాల మధ్య కూడా ఈపాటి తేడా మామూలే. డాక్టరు దీన్ని చూసి, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిద్దామంటారు, అంతే. రోగికి మాత్రం ఒకటి జబ్బు, ఒకటి జబ్బు కాదు. ఆ రెండు కాగితాల్లో ఒకదాని నెత్తి మీద 'ఆక్యురేట్' అని రాసి ఉంటే ఆ మాటే నేరారోపణ అవుతుంది. మామూలు పేరున్న ల్యాబును "ఎందుకు తేడా వచ్చింది?" అని అడుగుతారు. ఆక్యురేట్‌ను "ఖచ్చితం అన్నారుగా?" అని నిలదీస్తారు. సహజమైన తేడాను ఆ పేరు మాట తప్పడంగా మార్చేస్తుంది.

కౌంటరు దగ్గర ఇలాంటి గొడవలు నేను చాలా చూశాను. వాటిలో కొన్ని నిజంగా ల్యాబు తప్పే అయినా, తప్పు యంత్రంలో కంటే నమూనా తీయడంలోనే ఎక్కువగా దొరికేది. రక్తం తీసేటప్పుడు కణాలు చితికితే పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. చక్కెర పరీక్షకు వాడే ట్యూబు కాక మామూలు ట్యూబులో రక్తాన్ని గంటల తరబడి ఉంచితే, కణాలు చక్కెరను తినేసి అంకె తగ్గుతుంది. పేరులో ఎంత గొప్ప మాట ఉన్నా ఈ రెండు తప్పుల్లో ఒక్కదాన్నీ ఆపలేదు.

చట్టం వైపు నుంచి చూసినా ఈ పేరు బలహీనమైనదే. సేవ గుణాన్ని నేరుగా చెప్పే మాటను ట్రేడ్‌మార్క్‌గా ఒకరికే కట్టబెట్టడానికి 1999 నాటి చట్టంలోని తొమ్మిదో సెక్షన్ అడ్డుపడుతుంది. ఖచ్చితం, శుద్ధం, ఉత్తమం వంటి మాటలు అందరివీ. రేపు పక్క వీధిలో మరొకరు అదే మాటతో ల్యాబు పెడితే ఆపడం కష్టం. 'నేషనల్', 'సెంట్రల్' వంటి మాటలతో కంపెనీ పెట్టాలన్నా ముందుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అవి లేని అధికారాన్ని ధ్వనిస్తాయి గనుక ఆ షరతు న్యాయమే.

"మరి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు వస్తే?" అంది. ఎన్‌ఏబీఎల్ అంటే ల్యాబుల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు. ల్యాబు కొంతకాలం నడిచి, బయటి పరీక్షల్లో పాల్గొని, లోపలి తనిఖీల రికార్డులు చూపించాకే, వైద్య ల్యాబుల ప్రమాణమైన ఐఎస్‌ఓ 15189 ప్రకారం ఆ గుర్తింపు వస్తుంది. పేరు పెట్టేది మొదటి రోజున. పైగా ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి కాదు, జాబితాలో ఉన్న పరీక్షలకే. జాబితాలో లేని పరీక్షకు ఆ చిహ్నాన్ని ఆసరాగా చూపకూడదు. నమ్మకాన్ని ఇంత కచ్చితంగా పరీక్షకొక్కటిగా కొలిచి ఇస్తుంటే, అన్నిటికీ కలిపి ఒకే మాట ఎలా సరిపోతుంది?

నిఖర: దాదాపు గెలిచిన పేరు

నా మొగ్గు మొదట దీని వైపే. నిఖర అంటే కన్నడంలో ఖచ్చితమైనది, సరిగ్గా ఉన్నది. రోజూ దినపత్రికల్లో కనిపించే మాట. మన చెవికి నికరం తడుతుంది. నికర ఆదాయం, నికర జలాలు, అంటే లెక్కకు నిలిచేవి, భరోసా ఉన్నవి. తమిళంలోనూ లాభనష్టాల లెక్కలో నికరం అనే అంటారు. మూడు భాషల్లోనూ మాట అటూ ఇటూ జరిగినా అర్థం మర్యాదగానే ఉంది. ఆక్యురేట్ లాగా ఛాతీ చరుచుకోదు, అదే సంగతిని తక్కువ గొంతుతో చెబుతుంది.

కన్నడ బోర్డు అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. 2024లో సవరించిన చట్టం ప్రకారం కర్ణాటకలో దుకాణాల, సంస్థల బోర్డుల మీద అరవై శాతం కన్నడం ఉండాలి, అదీ పై భాగంలో. అంటే రోగి మొదట చదివేది కన్నడ రూపం. మన లిపికీ ఆ లిపికీ పోలిక ఎక్కువ గనుక తెలుగువారు కూడా కూడబలుక్కుని చదివేస్తారు. ఇంగ్లిషులో ఎంత బాగున్నా కన్నడంలో కుదరని పేరు ఈ ఊళ్లో పనికిరాదు. ఆ లెక్కన నిఖరకు నూటికి నూరు మార్కులు.

చిక్కు ఇంగ్లిషు అక్షరాల దగ్గర వచ్చింది. `NIKHARA` అని రాస్తే హిందీవారికి అది నిఖార్, అంటే ముఖవర్చస్సు, మెరుపు. ఉత్తరాదిన అందాల పార్లర్లకు ఇష్టమైన మాట. వైట్‌ఫీల్డ్ నుంచి, కేఆర్ పురం నుంచి వచ్చే హిందీ కుటుంబాలు బోర్డు చూసి చర్మ సౌందర్య కేంద్రం అనుకుంటాయి. ట్రేడ్‌మార్క్ వర్గీకరణలో వైద్య సేవలూ, సౌందర్య సేవలూ ఒకే తరగతిలో ఉన్నాయి, అది 44వ తరగతి. అంటే ఎక్కడో ఒక పార్లర్ తీసుకున్న పేరే మన ల్యాబు పేరుకు అడ్డం రావచ్చు. మాట మారుతున్నా పలుకు దగ్గరగా ఉంటే చాలు, అభ్యంతరం రావచ్చు. అందుకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వెతికేటప్పుడు `Wordmark` ఒక్కటే కాకుండా `Phonetic` కూడా నొక్కి చూడాలి. మేము చూశాం. అదే పలుకుకు దగ్గరగా ఆ తరగతిలోనే పేర్లు కనిపించేసరికి బాధగానే వదులుకున్నాం.

మా చెల్లెలి అత్తగారు ఈలోగా ఇలవేల్పు పేరు పెట్టమన్నారు. ఆ నమ్మకాన్ని నేను కాదనను, రోగికి దేవుడి పేరు ధైర్యమే. చిక్కల్లా, ఒకే పేటలో అదే దేవుడి పేరుతో మందుల షాపు, టిఫిను సెంటరు, మరో ల్యాబు కూడా ఉంటాయి. "ఏ ల్యాబులో చేయించారు?" అని డాక్టరు అడిగితే రోగి చెప్పే జవాబు దేనికీ పనికిరాదు, పాత రిపోర్టు వెతకడానికి ఎవరికి ఫోను చేయాలో తెలియదు. లోపల పటం పెట్టుకుంటామని పెద్దావిడకు చెప్పి ఒప్పించాం.

తుల

ఐదో పేరు మాటల్లోనే దొరికింది. యంత్రాన్ని సరిచేయడం గురించి చెబుతూ నేను త్రాసు ముల్లు అన్నాను. ఆమె వెంటనే "తుల" అంది.

మిగతా నాలుగింటిని కొలిచినట్టే దీన్నీ కొలిచాం. తెలుగు, కన్నడం, హిందీ, అన్నిటిలో తుల అంటే త్రాసే. తమిళంలో తులాం. ఖచ్చితత్వానికి తమిళులు వాడే మాట తుల్లియం కూడా ఆ చెవికి దగ్గరగానే వినిపిస్తుంది. రెండే అక్షరాలు, ఒత్తులు లేవు, పళ్లు లేని ముసలాయన కూడా ఆటోవాడికి తేలికగా చెప్పగలడు. పరీక్షలో తప్పే రాదని అనడం లేదు, తూచి చెబుతామంటోంది అంతే. ల్యాబు చేయగలిగిందీ అదే. ఎస్ఎంఎస్‌కు `TULALB` సరిపోయింది.

దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటే? కొందరికి రాశి గుర్తొస్తుంది. కొందరికి తులం బంగారం గుర్తొచ్చి నగల దుకాణమా అనుకోవచ్చు. మంగళూరువారు తుళు మనుషుల ల్యాబా అని అడగవచ్చు. వీటిలో ఏదీ జబ్బును తలపించదు, ఆలస్యాన్ని తలపించదు, మరో వైద్యాన్ని తలపించదు. కింద రెండో వరుసలో 'క్లినికల్ ల్యాబొరేటరీ' అని ఉంటే ఆ అనుమానం మెట్ల దగ్గరే తీరిపోతుంది. ఒక్క జాగ్రత్త తీసుకున్నాం. మనకు అలవాటైన తీరులో `THULA` అని రాయనివ్వలేదు. హిందీలో దానికి దగ్గరి పలుకు పోలీసులను తిట్టే మాట. ఒంటరిగా మరీ చిన్న మాట కదా, ఇంకొకటి కలుపుదామని ఆమె 'తులాసూచి' అంది. సూచి అంటే ముల్లే, కానీ సూది కూడా. రక్తం తీసే చోట ఆ మాట వద్దన్నాను.

రెండో వరుసలోని మాటను కూడా తేలికగా తీసుకోకూడదు. 'డయాగ్నస్టిక్ సెంటర్' అంటే జనం ఎక్స్‌రే, స్కానింగ్ ఉంటాయనుకుని వస్తారు. ఆమె దగ్గర అవి లేవు. అల్ట్రాసౌండ్ పెట్టాలంటే 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద విడిగా నమోదు కావాలి. గర్భిణి అంత దూరం వచ్చి వెనక్కి వెళ్తే ఆ పేరు మీద ఆమెకు కలిగే కోపం న్యాయమైనదే. అలాగే రక్తం తీసి వేరే చోటికి పంపే గది అయితే 'నమూనా సేకరణ కేంద్రం' అని రాయాలి. పరీక్ష ఎక్కడ జరుగుతోందో దాచిన పేరు, అర్థం ఎంత మంచిదైనా, నమ్మకాన్ని మొదటి వారంలోనే పోగొట్టుకుంటుంది.

పేరు ఖాయం చేసుకునే వరుస కూడా ముఖ్యం. ముందు ట్రేడ్‌మార్క్ వెతుకులాట, తర్వాత దరఖాస్తు (వ్యక్తులకు ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు), ఆ తర్వాతే కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద నమోదు, జీవవైద్య వ్యర్థాల అనుమతి, లెటర్‌హెడ్లు. ఈ కాగితాలన్నిటి మీద ఒకే పేరు ఉండాలి. నమోదయ్యాక మార్చాలంటే ప్రతి చోటా మళ్లీ తిరగాలి, అంతకంటే కష్టం పాత రిపోర్టులున్న రోగులకు ఇది ఆ ల్యాబే అని చెప్పడం.

బోర్డు రాయించిన రోజు నేనూ వెళ్లాను. పైన పెద్ద అక్షరాల్లో కన్నడంలో తుల, కింద ఇంగ్లిషులో అదే, ఆ కింద క్లినికల్ ల్యాబొరేటరీ. లోపల కౌంటరు గోడకు ఒక చట్రం బిగించి ఉంది. బయటి పరీక్షల ఫలితం వచ్చిన ప్రతి నెలా, బాగున్నా బాగోకపోయినా, దాన్ని అందులో పెడతానంది. ఇంకా ఏ నెల కాగితమూ రాలేదు గనుక ఆ రోజు చట్రం ఖాళీగానే ఉంది.